డెలివరీ బండి: కొనాలా, లీజుకు తీసుకోవాలా? ఏ వడ్డీ రేటుతో లెక్క కట్టాలి?

సరుకుబండి (ప్రశ్న):
సరుకు చేరవేయడానికి ఒక వ్యాన్ కావాలి. ధర 10,00,000. పూర్తి ధరకు 10 శాతం వడ్డీతో అయిదేళ్ల అప్పు దొరుకుతోంది. ప్రతి ఏడాది చివర 2,63,800 చొప్పున కట్టాలి, మొత్తం 13,19,000. లీజుకైతే ప్రతి ఏడాది మొదట్లోనే 2,30,000 చొప్పున అయిదు సార్లు, మొత్తం 11,50,000. బీమా, మరమ్మతులు రెండు పద్ధతుల్లోనూ మావే. అయిదేళ్ల తర్వాత సొంత బండిని అమ్మితే 3,00,000 రావచ్చని అంచనా. లీజే 1,69,000 చౌకగా కనిపిస్తోంది. ఈ లెక్క సరైనదేనా?

నిలువుగీత:
మొత్తాలను కూడి పోల్చడం వల్లే లీజు చౌకగా కనిపిస్తోంది. ఈ రోజు కట్టే రూపాయినీ అయిదో ఏట కట్టే రూపాయినీ ఒకే విలువగా కూడకూడదు కాబట్టి, ప్రతి చెల్లింపునూ 10 శాతంతో నేటి విలువకు తేవాలి. స్ప్రెడ్‌షీట్‌లో ఇలా వేశాను:

```
=PV(10%,5,-230000)
```

దీనికి 8,71,881 వచ్చింది. అప్పు వాయిదాలను ఇదే విధంగా తగ్గిస్తే సుమారు 10,00,000 వస్తుంది. కాబట్టి లీజు నిజంగానే చౌక. తేడా మాత్రం మీరనుకున్నంత లేదు, 1,28,000 దాకా ఉంటుంది.

పాతలెక్క:
నిలువుగీత గారి దారి సరైనదే కానీ రెండు చోట్ల జారింది. ఆ ఫంక్షన్‌కు ఏమీ చెప్పకపోతే చెల్లింపులన్నీ ఏడాది చివర జరుగుతాయని అనుకుంటుంది. ఇక్కడ లీజు సొమ్ము ఏడాది మొదట్లోనే కట్టాలి, అంటే మొదటి 2,30,000 ఈ రోజే చేతినుంచి పోతుంది, దానికి తగ్గింపు అంటూ ఏదీ ఉండదు. చివరి స్థానంలో 1 చేర్చి చూడండి:

```
=PV(10%,5,-230000,0,1)
```

ఇప్పుడు 9,59,069 వస్తుంది. కేవలం చెల్లించే తేదీ మారినందుకు 87,000కు పైగా తేడా వచ్చింది. లీజు పత్రంలో ‘అడ్వాన్స్’ అన్న మాట కనిపిస్తే ముందుగా చూడవలసింది ఇదే.

రెండవది, కొన్న బండి అయిదేళ్ల తర్వాత మన దగ్గరే ఉంటుంది. లీజు బండిని తిరిగి ఇచ్చేస్తాం. ఆ 3,00,000ను 10 శాతంతో అయిదేళ్లు వెనక్కి తెస్తే 1,86,276. కొనుగోలు ఖర్చు 10,00,000 నుంచి దీన్ని తీసివేస్తే 8,13,724 మిగులుతుంది. లీజు కన్నా ఇది 1,45,000కు పైగా తక్కువ. అమ్మకపు ధరను నమ్మలేకపోతే ప్రశ్నను తిప్పి వేసుకోవచ్చు: ఎంతకు అమ్ముడైతే రెండూ సమానమవుతాయి? ఇక్కడ ఆ అంకె 66,000 మాత్రమే.

రెండుతాళాలు:
నేను లీజుకు తీసుకొని నష్టపోయాను కాబట్టి చెబుతున్నాను. మా ఒప్పందంలో ఏడాదికి 25,000 కిలోమీటర్ల పరిమితి ఉండేది. డెలివరీ పనిలో అది ఏ మూలకు? గడువు ముగిసి బండి అప్పగించినప్పుడు అదనపు కిలోమీటర్లకు, గీతలు పడిన తలుపులకు కలిపి ఒక పెద్ద బిల్లు పంపారు. ఈ నేటి విలువ లెక్కల్లో అది ఎక్కడ కనిపిస్తుంది? అయినా మీరు వ్యాన్ బదులు రెండు చిన్న బళ్లు తీసుకోవచ్చు కదా, మరమ్మతుకు పంపినప్పుడు పని ఆగదు.

పాతలెక్క:
ఎన్ని బళ్లు కావాలన్నది ఆయన అడిగిన విషయం కాదు గానీ, బిల్లు సంగతి మాత్రం లెక్కలోకి రావలసిందే. అదనపు కిలోమీటర్లకు అయిదో ఏడాది చివర 40,000 పడుతుందని అనుకుంటే, దాని నేటి విలువ దాదాపు 24,800. దాన్ని లీజు వైపు కూడాలి. పత్రంలో ఉన్న ప్రతి షరతుకూ ఒక మొత్తం, ఒక తేదీ పెట్టగలిగితే ఈ పద్ధతిలో అన్నిటికీ చోటు ఉంటుంది.

నిలువుగీత:
తేదీ విషయం, అమ్మకపు ధర విషయం ఒప్పుకుంటున్నాను. కానీ 10 శాతం ఎందుకు? మా వ్యాపారంలో పెట్టిన డబ్బు 18 శాతం సంపాదిస్తుంది. బండిలో ఇరుక్కున్న డబ్బుకు అదే అసలు ఖరీదు. 18 శాతంతో వేస్తే లీజు 8,48,714, కొనుగోలు 8,68,867. ఇప్పుడు లీజే గెలుస్తోంది కదా.

పాతలెక్క:
అసలు వివాదం ఇక్కడే ఉంది. లీజు కట్టుబాటు అప్పు వాయిదా లాంటిదే: వ్యాపారం బాగున్నా లేకున్నా కట్టి తీరాలి. కట్టి తీరవలసిన సొమ్మును, అదే గట్టితనం ఉన్న అప్పుకు వేసే వడ్డీతోనే వెనక్కి తేవాలి. వ్యాపారపు లాభంలో అనిశ్చితి ఉంది కాబట్టే అది 18 శాతం; ఆ అనిశ్చితి లీజు చెల్లింపులో లేదు. అమ్మకపు ధరలో మాత్రం అది నిజంగా ఉంది, కాబట్టి ఆ 3,00,000ను ఒక్కదాన్నే 18 శాతంతో తగ్గించడానికి నాకు అభ్యంతరం లేదు. అప్పుడు కూడా కొనుగోలు 8,68,867, లీజు 9,59,069. కొనడమే 90,000 లాభం.

దీన్నే ఇంకో వైపు నుంచి చూడండి. లీజు తీసుకుంటే ఈ రోజు చేతిలో మిగిలేది 10,00,000లో మొదటి చెల్లింపు పోగా 7,70,000. దానికి బదులుగా తర్వాత నాలుగు సార్లు 2,30,000, అయిదేళ్ల చివర 3,00,000 విలువైన బండి వదులుకుంటున్నారు. ఈ మార్పిడిలో దాగిన వడ్డీ దాదాపు 17 శాతం. మీ వ్యాపారం 18 శాతం సంపాదిస్తుంటే మంచిదే. అయితే 10 శాతానికి అప్పు దొరుకుతున్నప్పుడు 17 శాతానికి ఎందుకు తెచ్చుకోవాలి?

నిలువుగీత:
దొరికినప్పుడు మీ మాట నిజమే. మా బ్యాంకు పెట్టిన అప్పు పరిమితి దాదాపు నిండిపోయింది. బండికి ఆ 10 శాతం అప్పు వాడేస్తే, రేపు సరుకు కొనడానికి మిగలదు. అలాంటి వాడికి 17 శాతం లీజు, 18 శాతం లాభం ముందు దండగ కాదు.

పాతలెక్క:
అప్పు నిజంగా దొరకని స్థితిలో మీ వాదనకు బలం ఉంది. అయితే ఒక శాతం తేడా మీద, అదీ అంచనా మీద, అయిదేళ్ల కట్టుబాటు పెట్టుకోవడం నాకు నచ్చదు. పైగా చాలా బ్యాంకులు లీజు చెల్లింపులను కూడా అప్పు భారంగానే చూస్తాయి. మీ పరిమితిని లీజు తాకదని ముందే అనుకోకండి.

పన్ను గురించి ఇంకా ఎవరూ అడగలేదు. పన్నును కలపాలంటే లీజు చెల్లింపు మీద మిగిలే పన్నును, సొంత బండి తరుగుదల మీద మిగిలే పన్నును రెండు వైపులా వేసుకొని, వడ్డీ రేటును కూడా పన్ను పోగా మిగిలినదిగానే తీసుకోవాలి. రేటును మాత్రం తగ్గించి, చెల్లింపులను పన్నుకు ముందు మొత్తాలుగానే ఉంచేయడం తరచుగా కనిపించే పొరపాటు.

సరుకుబండి:
నేను కూడికతోనే ఆగిపోయి ఉండేవాడిని, ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. మా బండి మామూలు బళ్ల కన్నా చాలా ఎక్కువ తిరుగుతుంది. 3,00,000 బహుశా రాకపోవచ్చు. లక్షే వస్తే ఆ దాగిన వడ్డీ ఎంత?

పాతలెక్క:
సుమారు 11 శాతానికి పడిపోతుంది. అంటే అప్పు వడ్డీకి దగ్గరగా వచ్చేస్తుంది. అప్పుడు తీర్పు చెప్పేది అమ్మకపు ధర ఒక్కటే. మీలా తిరిగిన అయిదేళ్ల వ్యాన్లు ఎంతకు పోతున్నాయో పాత బళ్ల వ్యాపారులను ఇద్దరు ముగ్గురిని అడిగి, అందులో తక్కువ అంకెతో మళ్లీ లెక్క వేయండి.

నిలువుగీత:
ఆ తక్కువ అంకెతో మళ్లీ వేసినా, లీజు చెల్లింపులకు మీరు 10 శాతం వాడతారు, నేను 18 వాడతాను. ఆ తగవు మాత్రం ఇంకా అలాగే ఉంది.