అత్తగారి మెసేజ్‌లో మెచ్చుకోలెంత, ఎత్తిపొడుపెంత?

నాగావళి ఒడ్డు:
పెళ్లయి నాలుగు నెలలు. మా ఇద్దరి ఉద్యోగాలు శ్రీకాకుళంలో, అత్తవారిది విజయనగరం. వరలక్ష్మీ వ్రతానికి అత్తయ్యగారు మా ఇంటికొచ్చి వెళ్లారు. మర్నాడు ఇరవై మంది ఉన్న ఫ్యామిలీ గ్రూపులో ఇలా పెట్టారు: “కోడలు పిల్ల ఆఫీసు చూసుకుంటూనే వ్రతం చేసుకుంది. పులిహోర బయటి నుంచి తెప్పించినా బాగుంది. మావాడి చేత గిన్నెలు కూడా తోమిస్తోందట, మంచిదేలే, కాలం మారింది. పెద్దకోడలికి చెబుతున్నా, నేర్చుకోమని.” అందరూ దండాలు, పువ్వులు పెట్టారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. “అమ్మ మెచ్చుకున్నా తప్పేనా?” అంటారు మా ఆయన. ఇది పొగడ్తా, చురకా?

కోట జంక్షన్:
పొగడ్తే. మనవైపు ఎవరినీ నోరారా పొగడరు, దిష్టి తగులుతుందని. ఒక మంచి మాటకి ఒక వంక తగిలించడం పెద్దవాళ్ల అలవాటు. మా అమ్మ నన్నూ అలాగే అంటుంది. ఇంత చిన్నదానికి టెన్షన్ ఎందుకు?

రాజాం పిల్ల:
నాకు తెలిసి ఇది సారె గురించే. మా ఇంట్లో కూడా అంతే, అరిసెలు, లడ్డూలు వీధిలో అందరికీ సరిపోలేదని మనసులో పెట్టుకుని, పైకి ఇంకేవో మాటలు అనేవారు. మీ పుట్టింటివాళ్లు ఏం పెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి.

నాగావళి ఒడ్డు:
సారె గొడవేం లేదండీ. నేను అడిగింది ఈ నాలుగు వాక్యాల గురించే.

బొబ్బిలి మాస్టారు:
ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ని, కొంచెం చాదస్తం ఉంటుంది, ఓర్చుకోండి అమ్మా.

ముందు దిష్టి సంగతి. కోట జంక్షన్‌గారు చెప్పింది సగం నిజం. దిష్టి కోసం అనే వంక ఒంటి మీద ఉంటుంది: “చిక్కిపోయావు”, “నల్లబడ్డావు” అంటారు. కాటుక చుక్క అరికాలికి పెడతారు గానీ వంటగదికి పెట్టరు కదా. ఇక్కడ వంకలన్నీ పనుల మీదే ఉన్నాయి.

పులిహోర వాక్యం చూడండి. తెలుగులో “తెప్పించినా” అనేది ముందొస్తుంది, “బాగుంది” చివర కూర్చుంటుంది. అందుకే చదివినవాళ్లకి మంచి మాటతో ముగిసినట్టే ఉంటుంది, మీ ఆయనకీ అలాగే అనిపించింది. కానీ ఆ ఇరవై మందిలో ఆ పులిహోర తిన్నవాళ్లు ఎంతమంది? రుచి వాళ్లకెందుకు? వాళ్లకి కొత్తగా తెలిసిన సంగతి ఒక్కటే, బయటి నుంచి తెప్పించారని. ఆ “తెప్పించినా” తీసేసి చదవండి, “పులిహోర బాగుంది” అని మిగులుతుంది. నిండుగా మెచ్చుకోవాలంటే అది చాలు.

తర్వాత “తోమిస్తోందట”. మీ ఆయన తోముతున్నారని రాయలేదు. తోమిస్తోంది, అంటే పని ఆయనది, పూచీ మీది. “అట” అంటే ఆవిడ కళ్లారా చూడలేదు, ఎవరో చెప్పారు. “మంచిది” అంటే ఒప్పుకోలు, “మంచిదేలే” అంటే ఒప్పుకోక తప్పలేదని. నాలుగో వాక్యం మాత్రం నాకు తేలడం లేదు. నిజంగానే మీ మీద ముచ్చట కావచ్చు, మీ తోటికోడలికి వేసిన చురక కావచ్చు. ఆ ఇంట్లో లేనివాళ్లం చెప్పలేం.

ముందు ఆ “అట” ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి.

గరివిడి అల్లుడు:
కోడళ్ల బాధే అందరికీ కనిపిస్తుంది. మా మామగారు గ్రూపులో “అల్లుడుగారు చాలా బిజీ మనిషి, అయినా పండక్కి ఫోన్ ఎత్తారు” అని రాశారు. నేనెవరికి చెప్పుకోను?

రాజాం పిల్ల:
అది చదివాక మీరు లేచి వెళ్లి గారెల పప్పు రుబ్బాల్సి వచ్చిందా?

గరివిడి అల్లుడు:
లేదు. మరో రెండుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది.

చీపురుపల్లి అత్త:
నేనూ ఒక అత్తనే, నాకూ ఇద్దరు కోడళ్లు. నేను రాయను, ఫోన్‌లో మాట్లాడితే అదే అక్షరాలు వేసుకుంటుంది. కామా ఉండదు, నా నవ్వు ఉండదు. “మంచిదేలే” అని నేను నవ్వుతూ అన్నది మీకు మూతి ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. ఉట్టిగా “చాలా బాగుంది” అంటే నటిస్తోందంటారు, ఏదైనా అంటే చురకంటారు. మాస్టారు వాక్యాన్ని చీల్చినట్టు చీలిస్తే మా మాటల్లో ఏదీ మిగలదు.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. పులిహోర సంగతి నేనైతే గ్రూపులో పెట్టను. కోడలికి ఫోన్ చేసి “ఏటమ్మా, నాకు చెబితే నేనే కలిపి తెచ్చేదాన్ని కదా” అంటాను. నలుగురిలో పెట్టారంటే నలుగురికీ తెలియాలనే.

కోట జంక్షన్:
మేడమ్, మీరే నా మాట కొట్టేశారు.

నాగావళి ఒడ్డు:
మాస్టారు చెప్పినట్టు కనుక్కున్నాను. ఆ “అట” మా ఆయనదే! ఓ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేస్తే “గిన్నెలు తోముతున్నానమ్మా, తర్వాత చేస్తా” అన్నారట. మూడు నాలుగు సార్లు అలాగే అన్నారట. ఈయన తోముతున్నానంటే అక్కడికి తోమిస్తోందని చేరింది. తప్పు ఎవరిదో నాకు అర్థం కాలేదు, నవ్వు మాత్రం వచ్చింది.

నిన్న ఆయనే గ్రూపులో “పులిహోర ఆర్డర్ పెట్టింది నేనేనమ్మా, తనకి తెలీదు” అని రాశారు. దానికి అత్తయ్యగారి జవాబు: “నువ్వెందుకు నాన్నా అవస్థ పడ్డావు.”

రాజాం పిల్ల:
కోడలు తెప్పిస్తే లోపం, కొడుకు తెప్పిస్తే అవస్థ! పులిహోర అదే కదా.

బొబ్బిలి మాస్టారు:
ఇది మెసేజ్ కంటే గట్టి ఆధారం. ఒకే పనికి మనిషి మారగానే మాట మారింది. ఒక్క వాక్యంతో మనసు తేల్చలేం, రెండు పక్కపక్కన పెడితే కొంత తెలుస్తుంది.

చీపురుపల్లి అత్త:
తల్లి కొడుకుతో అలాగే అంటుంది మాస్టారూ. దానికీ వ్యాకరణమేనా?

నాగావళి ఒడ్డు:
ఇది రాస్తుండగానే ఇంకోటి వచ్చింది. ఈసారి గ్రూపులో కాదు, నాకు ఒక్కదానికే. “దసరా తర్వాత సోమవారం మీ ఆఫీసుకి సెలవామ్మా? చుట్టాలొస్తారు, పెద్దకోడలు ఒక్కతీ చేసుకోలేదు పాపం.” మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, సోమవారం తొలేళ్లు. నాకు రావాలనే ఉంది, సిరిమాను చిన్నప్పుడు ఒక్కసారే చూశాను. కానీ ఇది రమ్మనడమా, వంటకి పిలవడమా?

బొబ్బిలి మాస్టారు:
రెండూనమ్మా. పండక్కి పిలిస్తే “మంగళవారం వస్తారా” అని మీ ఇద్దరినీ అడిగేవారు. సోమవారం అన్నారు, మిమ్మల్నే అడిగారు. “పాపం” అన్నది పెద్దకోడలి గురించే అయినా బరువు మీ మీద పడేటట్టుంది.

చీపురుపల్లి అత్త:
పిలవకపోతే “కొత్త కోడల్ని పండక్కి పిలవలేదు” అని ఇక్కడే ఇంకో చర్చ పెట్టేవాళ్లు. వెళ్లమ్మా. అమ్మవారి పండగ.

కోట జంక్షన్:
తొలేళ్లనాడు మా ఇంట్లో ముప్ఫై విస్తళ్లు లేస్తాయి. చెయ్యి సాయం అడగడం నేరమా? అడిగే పద్ధతే బాగాలేదంటారా, లేక అడగడమే తప్పంటారా?

రాజాం పిల్ల:
ఎవర్ని అడిగారన్నదే తప్పు. ఆ ఇంట్లో ఇద్దరు కొడుకులున్నారు కదా.

నాగావళి ఒడ్డు:
ఆ మెసేజ్ మా ఆయనకి చూపించాను. ఆయన నా ఫోన్ తీసుకోలేదు, తన ఫోన్‌లోనే గ్రూపులో రాశారు: “సోమవారం తనకి ఆఫీసుందమ్మా. నేను సెలవు పెట్టి ఆదివారం రాత్రికే వచ్చేస్తా, గారెల పప్పు నేనే రుబ్బుతా. తను మంగళవారం పొద్దున్న బస్సుకి వస్తుంది.”

మధ్యాహ్నం రాశారు. అందరూ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. పెద్దకోడలుగారు ఒక చప్పట్ల బొమ్మ పెట్టారు. అత్తయ్యగారు ‘టైపింగ్’ అని రెండుసార్లు కనిపించి ఆగిపోయారు.