జెడ్ స్కోరు 2.35 ఉంటే పల్పు ఫ్యాక్టరీకి అడ్వాన్స్ ఇవ్వచ్చా?

రేణిగుంట కొనుగోళ్లు: మాది జ్యూస్ యూనిట్. తోతాపురి సీజన్ ముందు చిత్తూరు వైపు ఒక పల్పు ఫ్యాక్టరీకి 60 లక్షలు అడ్వాన్స్ ఇవ్వాలి. అది ప్రైవేట్ లిమిటెడ్. వాళ్ల మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌తో, కంపెనీ దివాలా తీసే ప్రమాదం ఎంతో చెప్పే ఆల్ట్‌మన్ జెడ్ స్కోరు వేస్తే 2.35 వచ్చింది. ప్రమాదం హద్దు 1.81 దాటింది కాబట్టి ఇచ్చేయమంటున్నారు మా ఎండీ. ఇవ్వచ్చా?

ఆడిట్ కుర్రోడు: వద్దు బ్రో. 2.99 దాటితేనే సేఫ్. మధ్యలో ఉంటే గ్రే, అంటే ఎటూ చెప్పలేం, అంతే.

పాత బ్యాంకు మనిషి: ముందు సూత్రమే తప్పు పట్టుకున్నారు బాబూ. మీరు వాడింది 1968 నాటిది, షేర్ మార్కెట్‌లో ఉన్న తయారీ కంపెనీల కోసం కట్టింది. అందులో 0.6తో గుణించే చోట షేర్ల మార్కెట్ విలువ ఉండాలి. మీ ఫ్యాక్టరీకి మార్కెట్ ధరే లేదు కదా, పుస్తకంలో ఉన్న మూలధనం పెట్టేసి ఉంటారు. ప్రైవేట్ కంపెనీలకు వేరే గుణకాలున్నాయి, హద్దులు కూడా 1.23, 2.90. మొత్తం ఆస్తులు, అమ్మకాలు, మిగతా అంకెలు ఇక్కడ పెట్టండి, వేసి చెబుతాను.

రేణిగుంట కొనుగోళ్లు: ఆస్తులు 20 కోట్లు, అమ్మకాలు 30, వర్కింగ్ క్యాపిటల్ 2, మిగిలిన లాభాలు 3, వడ్డీ పన్నులకు ముందు లాభం 1.6, మూలధనం 6, అప్పులన్నీ కలిపి 14 సార్.

తిరుచానూరు సుబ్బు: నా సిబిల్ 740, హోమ్ లోన్ వస్తుందా?

పాత బ్యాంకు మనిషి: అది వేరు నాయనా. కొనుగోళ్ల బాబూ, మీది 2.12 వచ్చింది. అందులో 1.50 ఒక్క అమ్మకాల నిష్పత్తి నుంచే. అంటే ఈ స్కోరును నిలబెట్టింది టర్నోవరు, అదే గ్రూపు కంపెనీకి బిల్లులు కొడితే కూడా పెరుగుతుంది. ఇంకో సంగతి, మార్చి 31కి పల్పు చాలావరకు అమ్ముడై అప్పు తగ్గి ఉంటుంది. ఆగస్టులో గోడౌన్ నిండా డ్రమ్ములుంటాయి. స్టాకు 18 కోట్లు పెరిగి, బ్యాంకు అప్పు, రైతుల బాకీ కూడా అంతే పెరిగిందనుకోండి. మిగతావి అలాగే ఉంచి మళ్లీ వేస్తే 1.10. అదే ఫ్యాక్టరీ, అదే ఏడాది, మార్చిలో గ్రే, ఆగస్టులో ప్రమాదం.

ఆడిట్ కుర్రోడు: నేను చెప్పిందీ అదే కదా, 2.12 అయినా గ్రేనే!

పల్పు ఫ్యాక్టరీ నుంచి: ఈ స్కోరు పేరు చెప్పే పోయినేడు నన్ను సప్లయర్ల లిస్టులోంచి తీసేశారన్నా. కొన్నవాళ్లు 45 రోజుల్లో ఇస్తామని రాసి 130 రోజులకు ఇచ్చారు. ఆ డబ్బు రాక నేను ఓవర్‌డ్రాఫ్ట్ మీద వడ్డీ కట్టాను, రైతుల కాయలు పోగేసి పంపే ర్యాంపులోళ్లు ఫోన్ల మీద ఫోన్లు. ఆ వడ్డీతో అప్పు పెరిగి స్కోరు పడితే, మళ్లీ వాళ్లే "మీరు బలహీనంగా ఉన్నారు" అన్నారు. బలహీనం చేసింది ఎవరు?

ఆడిట్ కుర్రోడు: అది మీ పర్సనల్ సమస్య, అంకెలు అబద్ధం చెప్పవు.

పల్పు ఫ్యాక్టరీ నుంచి: పర్సనలా? జూన్‌లో గేటు దగ్గర ఎండలో కాయల లారీలు నిలబడితే ఒకసారి వచ్చి చూడండి. కాయ కుళ్లితే అంకె కాదు, రైతు తిట్టేది నన్ను.

రేణిగుంట కొనుగోళ్లు: గొడవ పడకండి. ఉన్న మాట చెప్తాను. పోయిన సీజన్‌లో ఇంకో ఫ్యాక్టరీ దగ్గర మా అడ్వాన్స్ ఇరుక్కుంది, అప్పుడు సంతకం నాదే. ఈసారి చూపించుకోడానికి ఒక కాగితం కావాలి, అందుకే స్కోరు వేశాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పాత బ్యాంకు మనిషి: అదీ అసలు విషయం. కాగితం మిమ్మల్ని కాపాడుతుందేమో, 60 లక్షలను మాత్రం కాపాడదు. ఫ్యాక్టరీ పడితే స్టాకు మీద తాకట్టు బ్యాంకుది, మీ అడ్వాన్స్ మామూలు బాకీగా వెనక నిలబడుతుంది. కంపెనీ కాబట్టి తాకట్టులు నమోదయ్యే ఛార్జీల రిజిస్టరులో ఎవరికి ఏం రాసిచ్చారో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ, అదే ఎంసీఏ సైట్‌లో కనిపిస్తుంది, అది తీయండి. నాలుగు ర్యాంపుల దగ్గర నిలబడి పోయిన సీజన్ కాయల డబ్బు ఇంకా రావాలా అని అడగండి. బ్యాలెన్స్ షీట్ చెప్పడానికి ఏడాది పట్టే సంగతి అక్కడ పది నిమిషాల్లో తెలుస్తుంది. అడ్వాన్స్ మూడు విడతలు చేసి, రెండోది నింపిన డ్రమ్ముల నంబర్లు చూసి, ఆ డ్రమ్ముల మీద హక్కు వదులుకుంటున్నట్టు బ్యాంకు ఉత్తరం చేతికొచ్చాకే ఇవ్వండి.

పల్పు ఫ్యాక్టరీ నుంచి: విడతలు చేస్తే మొదటి వారం కాయ ఎలా కొంటాం సార్? అప్పుడే కదా డబ్బు కావాల్సింది.

పాత బ్యాంకు మనిషి: మొదటి విడత పెద్దది చేయమంటాను, 60లో 30. అంతకు మించి నేనైతే ఇవ్వను.

పల్పు ఫ్యాక్టరీ నుంచి: 30తో నేనైతే గేటు తెరవను.

రేణిగుంట కొనుగోళ్లు: రేపు ర్యాంపులకు వెళ్తున్నాను. ఏం చెప్పారో వచ్చి రాస్తా.