సంయుగ్మమా, తిరగేతా? చుక్కల బొమ్మకు తెలుగు మాట కావాలి

తిరుపతి, ట్యూషన్ చెప్పే అక్క:
ఎనిమిదో తరగతి పిల్లలకు 7ను ముక్కలు చేసే లెక్క చెబుతున్నాను. 4+2+1 అయితే ఒక్కో ముక్కకు ఒక్కో వరుస చుక్కలు పెడతాను.

● ● ● ●
● ●
●

ఇదే బొమ్మను నిలువుగా లెక్కపెడితే 3+2+1+1. ఈ రెండోదాన్ని మొదటిదానికి ఏమవుతుందనాలి? సంకీర్ణ సంఖ్యలకు వాడే 'సంయుగ్మం' అంటే పిల్లలు బిక్కమొహం వేస్తున్నారు. 'తిరగేత' అనవచ్చా?

మదనపల్లె, రిటైరైన లెక్కల మాస్టారు:
సంయుగ్మం మంచి మాటేనమ్మా. యుగ్మం అంటే జంట. రెండోదాన్ని మళ్లీ నిలువుగా చదివితే మొదటిదే వస్తుంది కదా. ఈ బొమ్మలకు ఫెర్రర్స్ అనే ఇంగ్లండ్ గణితజ్ఞుడి పేరుంది. ఆలోచన ఆయనదేనని 1853లో సిల్వెస్టర్ అనే మరో గణితజ్ఞుడు అచ్చులో చెప్పాడు.

చిత్తూరు, బ్యాంకు ఉద్యోగి:
అయితే పెద్ద ముక్క ఎంతో, ముక్కల సంఖ్యా అంతే అన్నమాట.

మాస్టారు:
సగం పట్టుకున్నారు. 5+1+1లో పెద్ద ముక్క 5, ముక్కలు మూడే. ఒక్క విభజనలో ఆ రెండూ సమానం కానక్కర్లేదు. జంటలోకి వెళ్లేసరికి అవి చోట్లు మార్చుకుంటాయి. పై వరుస పెద్ద ముక్క, ఎడమ చివరి నిలువు వరుస ముక్కల సంఖ్య. 7ను మూడు ముక్కలు చేస్తే 5+1+1, 4+2+1, 3+3+1, 3+2+2 వస్తాయి. వీటిని నిలువుగా చదివితే వరుసగా 3+1+1+1+1, 3+2+1+1, 3+2+2, 3+3+1. ఇటు నాలుగు, అటు నాలుగు. పెద్ద ముక్క 3 అయినవి ఇంకేవీ లేవు.

పుత్తూరు నుంచి ఒకామె:
నాకు లెక్కలు రావు గానీ ముగ్గులు బాగా వేస్తాను. 7 చుక్కలు 4 వరకు సందు చుక్క పెట్టి చూశాను. నిలువుగా లెక్కే కుదరలేదు సార్.

మాస్టారు:
కుదరదమ్మా. సందు చుక్కలో కింది చుక్క పై రెండింటి మధ్య పడుతుంది. ఇక్కడ చుక్క కింద చుక్క, అన్ని వరుసలూ ఎడమ అంచు నుంచే మొదలవాలి.

ట్యూషన్ అక్క:
మా పిల్లాడొకడు 1+4+2 అని పెట్టాడు. నిలువుగా 3, 2, 1, 1 సరిగ్గానే వచ్చాయి. వాటిని మళ్లీ తిప్పితే 4+2+1 వచ్చింది, వాడి బొమ్మ రాలేదు. అప్పుడు తెలిసింది, పెద్ద వరుస పైనుంచి దిగుతూ రావాలని.

మాస్టారు:
'తిరగేత'తో నా భయం వేరే. ఆ మాట వింటే పిల్లలు కాగితాన్నే తలకిందులు చేస్తారు. పై ఎడమ మూల కదలకుండా అడ్డం నిలువు కావాలి, నిలువు అడ్డం కావాలి.

బ్యాంకు ఉద్యోగి:
'అడ్డం నిలువు మార్పు' అంటే సరిపోదా?

ట్యూషన్ అక్క:
చేసే పనికి సరిపోతుంది. వచ్చినదాన్ని 'జంట' అందామనుకున్నాను. కానీ 4+1+1+1ను ఎటు చదివినా 4+1+1+1 దగ్గరే ఉంటున్నాను. ఒక్కదాన్నే జంట అని ఎలా అనేది మాస్టారూ?