ఫ్యామిలీ ట్రీని టేబుల్‌గా రాసేటప్పుడు జబ్బు లేనివాళ్ళని తీసేయొచ్చా?

స్వాతి_34: జెనెటిక్ కౌన్సిలింగ్‌కి వెళ్తున్నా, చేత్తో గీసిన ట్రీని మూడు తరాల టేబుల్‌గా రాసుకు రమ్మన్నారు. నాన్నమ్మకి 52 ఏళ్ళప్పుడు అండాశయం కేన్సర్, పెద్ద మేనత్తకి 44లో రొమ్ము కేన్సర్, ఇప్పుడు ఆవిడకి 67. చిన్న మేనత్త, నాన్న, బాబాయిలు ఇద్దరూ బానే ఉన్నారు. బాగున్నవాళ్ళని తీసేస్తే పేజీ చిన్నదవుతుంది కదా?

రవి_కె: తీసేయండి, ఇవి ఆడవాళ్ళ జబ్బులు కాబట్టి మగవాళ్ళ వరసలతో పనిలేదు, అసలు నాన్న వైపుది మీకు రాదు కూడా.

డెస్క్_లత: రవి గారూ, అది తప్పండి. ఇలాంటి కేన్సర్లకి కారణమయ్యే జీన్ మార్పు నాన్న ద్వారా కూడా వస్తుంది, ఆయనలో ఉంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం, ఆయనకి ఏ జబ్బూ లేకపోయినా సరే. మగవాళ్ళు బాగున్నారంటే ఆ జీన్ మార్పు లేదనడానికి అది బలమైన ఆధారం కాదు, అంతవరకు మీ మాట నిజమే, కానీ నాన్న వరస తీసేస్తే స్వాతి గారికీ నాన్నమ్మకీ మధ్య లింకే తెగిపోతుంది.

స్వాతి గారూ, తీసేస్తే చూసేవాళ్ళకి మీ నాన్న వైపు ఆడవాళ్ళు ఇద్దరే, ఇద్దరికీ కేన్సర్ అన్నట్టు కనబడుతుంది. చిన్న మేనత్తని కలిపితే ముగ్గురిలో ఇద్దరు. ఆవిడ వయసు రాయండి, 30 ఏళ్ళకి బాగుండటం వేరు 70కి బాగుండటం వేరు. ఇంకోటి అడగండి, అండాశయాలు ఎప్పుడైనా తీయించారా అని, ముందే తీయించి ఉంటే ఆవిడ బాగుండటానికి అంత బరువు ఉండదు.

నేనైతే ఇలా రాస్తా: నాన్నమ్మ 1-2, పెద్ద మేనత్త 2-1, నాన్న 2-2, మీరు 3-1. మొదటి అంకె తరం, రెండోది ఆ తరంలో మనిషి. ట్రీ మీద కూడా అవే నంబర్లు వేయండి. ప్రతి వరసలో అమ్మానాన్నల నంబర్లు, ఆడా మగా, ఇప్పటి వయసు లేదా పోయిన వయసు, జబ్బు, అది బయటపడిన వయసు. పెద్ద మేనత్త దగ్గర "44, 67" అని వదిలేయకుండా "44కి బయటపడింది, ఇప్పుడు 67" అని పూర్తిగా రాయండి. ఆవిడ ఉన్నారు కాబట్టి మొదట జీన్ టెస్ట్ ఆవిడకే చేద్దామంటారేమో. అమ్మ వైపు కూడా ఇలాగే.

మధు_నాన్న: మా బాబుది తలసీమియా, మా తాతలు అన్నదమ్ములు. చుట్టాలమని తెలిసేలా ట్రీలో మా పెళ్ళికి రెండు గీతలు గీశాం, టేబుల్‌లోకి అది రానేలేదు, ఎక్కడ రాయాలి?

డెస్క్_లత: మీ ఇద్దరి వరసల్లోనూ "భార్యాభర్తల తాతలు అన్నదమ్ములు" అని మాటల్లో రాసేయండి మధు గారూ, ఉత్త "బంధువులు" అంటే ఎంత దగ్గరో తెలీదు.

పాత_ఫైల్: కౌన్సిలింగ్ వాళ్ళు ఎలాగూ మళ్ళీ గీసుకుంటారు, ట్రీ ఫోటో చాలు, ఈ టేబుల్ శ్రమ దేనికి?

డెస్క్_లత: ఫోటో కూడా ఇవ్వండి, వద్దనను. కానీ ట్రీలో ఖాళీ గడి అంటే జబ్బు లేదనా, అడగలేదనా? టేబుల్‌లో "లేదు", "తెలీదు", "అడగాలి" విడివిడిగా రాయొచ్చు.

పాత_ఫైల్: ట్రీలోనే పక్కన ప్రశ్న గుర్తు పెట్టొచ్చుగా. నాకింకా డబుల్ పనిలాగే ఉంది.

స్వాతి_34: చిన్న మేనత్తకి ఫోన్ చేశా, 41లో గర్భసంచితో పాటు ఏదో తీశారంది, అండాశయాలో కాదో ఆవిడకే తెలీదు. డిశ్చార్జ్ కాగితం వెతుకుతోంది, దొరికేదాకా "అడగాలి" అని పెట్టా.