“తిరగేసి జరపడం”: కన్వల్యూషన్‌లో తిరగేసేది ఏ వైపుకి?

తుంగభద్ర గట్టు (కర్నూలు): డిప్లొమా పిల్లల కోసం తెలుగు నోట్సు రాస్తున్నా. కన్వల్యూషన్ పాఠంలో సర్క్యూట్ స్పందన h ని “తిరగేసి, ఇన్‌పుట్ x మీద జరపండి” అని రాస్తే సగం మంది బొమ్మను తలకిందులు చేసినారు. జవాబంతా మైనస్‌లో వచ్చింది. ఏ మాట వాడాలి?

పెన్నేటి ఇసుక (కడప): మా దిక్కు తిరగేయడమంటే బోర్లించడమే కదన్నా, తప్పు పిల్లోళ్లది కాదు. “కుడి ఎడమలు మార్చి” అని రాయండి. ఎత్తు మారదు, కాలం అక్షం మీద దిక్కు మాత్రమే మారుతుంది.

బొమ్మ ఇట్లా ఇవ్వండి. x అంటే 0 నుంచి 2 వరకు ఎత్తు 1 ఉన్న దిమ్మ. h అంటే 0 దగ్గర సున్నాతో మొదలై 1 దగ్గర ఎత్తు 1కి ఎక్కే వాలు, ఆ తర్వాత సున్నా. h ని కుడి ఎడమలు మారిస్తే ఎత్తైన కొస ఎడమకు పోతుంది, సన్న మొన కుడికి వస్తుంది. ఆ మొనను t దగ్గర పెట్టి కుడికి జరపాల. t = 0.5 దగ్గర దిమ్మలోకి దూరింది సన్న మొన ఒక్కటే, కాబట్టి లోపలి వైశాల్యం, అంటే జవాబు y, 0.125. మార్చకుండా, ఎత్తైన కొసను t దగ్గర పెట్టి జరిపినోళ్లకు అదే ముందు దూరి 0.375 వస్తుంది. బోర్లించి, దిక్కు కూడా మార్చినోళ్లకు −0.125. ఈ ఒక్క విలువ చూస్తే ఎవరు ఏం చేసినారో తెలిసిపోతుంది.

1 నుంచి 2 దాకా వాలు మొత్తం లోపలే ఉంటుంది, y కదలకుండా 0.5. ఆ తర్వాత మొన బయటపడుతుంది గానీ ఎత్తైన కొస ఇంకా లోపలే, అందుకే మొదట్లో మెల్లగా తగ్గుతుంది: 2.5 దగ్గర 0.375. 3 దగ్గర సున్నా.

గండికోట గాలి: h రెండు పక్కలా ఒకేలా ఉంటే మార్చే పనే లేదు కదా?

పెన్నేటి ఇసుక: ఆకారం మారదు, చోటు మారుతుంది. 0 నుంచి 2 దాకా ఉన్న త్రిభుజం −2 నుంచి 0కి పోతుంది. సున్నాకు అటూ ఇటూ సమంగా ఉంటేనే మీ మాట నిలుస్తుంది.

అనంత ఎండ (అనంతపురం): నేను ఫొటోల మీద PyTorch లో conv2d వాడతా, ఎక్కడా ఏమీ తిప్పలేదే? పని బాగానే జరుగుతాంది.

పెన్నేటి ఇసుక: పేరు అదేగానీ అక్కడ లెక్క కట్టేది తిప్పకుండా చేసే కోరిలేషన్ అక్కా. ఫిల్టర్ అంకెలు మోడల్ నేర్చుకునేవి కాబట్టి తిప్పినా తిప్పకున్నా అవే సర్దుకుంటాయి. సర్క్యూట్ h మనం నేర్పేది కాదు. t = 0 దగ్గర పడిన ఇన్‌పుట్‌కు t సేపు గడిచినాక మిగిలిన స్పందన h(t), ఇప్పుడే పడినదానికి h(0). పాతది ఎడమ, కొత్తది కుడి అని x పక్కన అమర్చితే h దానంతటదే మర్లుకుంటుంది.

తుంగభద్ర గట్టు: “మర్లేసి” బాగుంది, కోస్తా పిల్లలకు అర్థమవుతుందా?

గండికోట గాలి: కాదు. “అద్దంలో చూపి” అనండి.

పెన్నేటి ఇసుక: అద్దం ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాల్సి వస్తుంది, కాలం అక్షం τ మీద τ = 0 దగ్గర అని. ముందు t కు జరిపి ఆ తర్వాత అద్దం పెట్టినోళ్లకు h(−τ−t) వస్తుంది, బొమ్మ ఎడమకు పారిపోతుంది. τ = t పెట్టి చూస్తే h(0) రావాల, రాకుంటే జరిపింది తప్పు.