అప్‌డేట్: వేదిక మార్పు సందేశం – ఏది పనిచేసింది

నా ప్రశ్న: "ఆదివారం సాహిత్య సమావేశం బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి మారింది. పాత చిరునామా వాట్సాప్‌లో అప్పటికే తిరుగుతోంది. అందరికీ ఎలా చెప్పాలి?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది ఇది: పాత ఆహ్వానాన్ని సరిదిద్దకుండా, కొత్త సందేశం పంపి గ్రూపులో పిన్ చేయడం. ఫార్వర్డ్ అయిన కాపీలను మనం తుడిచేయలేం కదా, అందుకే మొదటి వాక్యంలోనే పాత చోటును కొట్టేయాలి. చివరికి పంపింది:

"వేదిక మారింది. పాత హాలుకు రావద్దు. ఆదివారం సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బాగ్‌లింగంపల్లి. 9:30కి చేరుకోండి, సభ 10 గంటలకు. మెట్రో గ్రీన్ లైన్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి ఆటో ఎక్కండి. మియాపూర్, ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవారు ఎంజీబీఎస్‌లో, నాగోల్, రాయదుర్గం వైపు నుంచి వచ్చేవారు పరేడ్ గ్రౌండ్‌లో లైను మారండి."

చేరే సమయం, మొదలయ్యే సమయం విడిగా రాయమన్న సలహా బంగారం. ఒక్క 10 అనే రాస్తే పదింటికి ఇంట్లో బయల్దేరతారు!

లైవ్ లొకేషన్ మాత్రం దండగ. అది ఫోన్ ఎక్కడుంటే అక్కడ చూపిస్తుంది, గరిష్ఠంగా 8 గంటలే ఉంటుంది. మామూలు లొకేషన్ పిన్ చాలు. ఇంత చేసినా కొందరు పాత చోటికే వెళ్లారు. అక్కడి గేటు దగ్గర బోర్డుతో 10:30 దాకా ఒక మనిషిని నిలబెట్టడం వల్లే వాళ్లు దారిలో పడ్డారు.