స్లాబ్ కడ్డీలకు నడుమ అతుకు: మిగిలిన మూడు మీటర్ల ముక్కలు వాడవచ్చా?

ఇల్లు కట్టిస్తున్న వ్యక్తి: మా గది స్లాబ్‌కు పొట్టి వైపు 4.5 మీటర్ల 10 ఎంఎం కడ్డీలు 34 కావాలి. 12 మీటర్ల కడ్డీలో రెండే వస్తాయి, 3 మీటర్ల ముక్క మిగులుతుంది. ఆ ముక్కలను రెండేసి కలిపి ఆరు కడ్డీలు చేస్తామని మేస్త్రీ అంటున్నారు. రెండు ముక్కలూ కలిసి నడిచే పొడవు, అంటే ల్యాప్, ఎంత ఉండాలి? అదనంగా ఎంత ఇనుము పడుతుంది? కాంక్రీటు ఎం20, ఇనుము ఎఫ్ఈ 500.

కడ్డీలు కట్టే కాంట్రాక్టర్: కడ్డీ మందానికి 50 రెట్లు, అంటే అర మీటరు ల్యాప్ చాలు. రెండు ముక్కలను కలిపితే ఒకటిన్నర మీటర్లు ఒకదానిపై ఒకటి వస్తాయి కాబట్టి, ఒక ముక్కలో మీటరు కోసి వేరేచోట వాడుకోండి.

మరొక సభ్యుడు: మా ఇంటి పిల్లర్ కడ్డీలన్నిటికీ మేస్త్రీ ఒకే ఎత్తులో ల్యాప్ ఇస్తే, ఇంజినీరు విప్పించి మళ్లీ కట్టించారు. మీరూ ల్యాప్‌లను పైకీ కిందికీ మార్చి ఇవ్వమనండి.

స్ట్రక్చరల్ ఇంజినీరు: పిల్లర్ లెక్క వేరండీ, ఇక్కడ అడిగింది స్లాబ్ అడుగు కడ్డీల గురించి. 50 రెట్ల లెక్క ఎం25 కాంక్రీటుకు సరిపోతుంది గాని, ఎం20లో ఎఫ్ఈ 500 కడ్డీకి దాదాపు 57 రెట్లు, అంటే 570 మిల్లీమీటర్లు కావాలి. అంతకన్నా ముఖ్యమైనది అతుకు పడే చోటు. 3 మీటర్ల ముక్కను ఎటు జరిపినా దాని కొన స్లాబ్ నడిమి భాగంలోనే, లాగుడు బలం ఎక్కువగా ఉన్నచోటే, తేలుతుంది. అలాంటి చోట అతుకు తప్పనప్పుడు ల్యాప్ పొడవు పెంచడం వంటి జాగ్రత్త తీసుకోమని కాంక్రీటు నిర్మాణాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. అందువల్ల ముక్కలను కోయకుండా ఒకటిన్నర మీటర్ల ల్యాప్‌ను అలాగే ఉంచండి. ఆరింటినీ పక్కపక్కన పెట్టకుండా, నాలుగైదు పూర్తి కడ్డీలకు ఒకటి చొప్పున పరచండి. రెండు ముక్కలూ ఒకే మట్టంలో పక్కపక్కన పడుకోవాలి. ఒకదానిపై ఒకటి కడితే పై ముక్క 10 మిల్లీమీటర్లు లేస్తుంది. 125 మిల్లీమీటర్ల స్లాబ్‌లో పనికొచ్చే లోతు దాదాపు 100 మాత్రమే కనుక అందులో పదో వంతు పోయినట్టే.

ఇనుము లెక్కకు వస్తే, ఒక్కో అతుకులో ఒకటిన్నర మీటర్లు, అంటే 0.93 కిలో అదనంగా పడుతుంది. ఆరింటికి ఐదున్నర కిలోల పైచిలుకు. అతుకు వద్దనుకుంటే కొత్త కడ్డీలు మూడు కొనాలి, అవి 22 కిలోలు.

కాంట్రాక్టర్: ఎం20 సంగతి ఒప్పుకుంటున్నాను సార్. కానీ ల్యాప్ పక్కన ఇంకో కడ్డీ వేయిస్తే మరింత బలం కాదా?

ఇంజినీరు: ల్యాప్ నిండుగా ఉంటే అక్కర్లేదు. చాలకపోతే ఆ కడ్డీ కూడా ప్రతి ముక్క కొన నుంచి 570 మిల్లీమీటర్లు దాటి వెళ్లాలి; చిన్న తునక కట్టినంత మాత్రాన ఫలితం ఉండదు.

ఇంకొక ఇంజినీరు: నాకు ఇది సమ్మతం కాదు. కాగితంపై ఒకటిన్నర మీటర్లున్నా, కాంక్రీటు వేసే రోజు మనుషులు తొక్కితే ముక్కలు జరుగుతాయి. నేనైతే ఆ మూడు కడ్డీలూ కొనిపించి, ముక్కలను బీమ్‌ల మీద పై కడ్డీలుగా వాడిస్తాను.

స్ట్రక్చరల్ ఇంజినీరు: వీలుంటే అదే మేలు. వీలుకాకపోతే ప్రతి ల్యాప్‌నూ రెండు కొనల్లోనూ నడుమనూ బైండింగ్ వైరుతో బిగించి, కాంక్రీటు పోసే ముందు టేపుతో మరోసారి కొలవండి.